చెవి మిషన్ చార్జింగ్ ఎక్కడం లేదా? గోడ దగ్గర మొదలుపెట్టండి

పోయిన మే నెలలో కావలి పక్క పల్లె నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు, ఆయన భార్య కలిసి నెల్లూరులో నేను పనిచేసే చెవి మిషన్ల షాపుకి వచ్చారు. ఆమె చేతిసంచిలో నుంచి చార్జింగ్ డబ్బా తీసి బల్ల మీద పెట్టి, "రాత్రి రోజూ పెట్టే మాదిరే పెట్టినాను నాయనా, పొద్దునకి రెండూ చచ్చిపోయుండాయి. బ్యాటరీలు పోయినట్టుండాయి" అన్నారు. మాస్టారికి మా మాటలు వినపడక ఆమె ముఖం, నా ముఖం మార్చి మార్చి చూస్తున్నారు.

బ్యాటరీలు పోలేదు. డబ్బా కూడా పోలేదు. ఇలా వచ్చేవాళ్లలో చాలామందికి బాగుచేయాల్సిన వస్తువే ఉండదు. కరెంటు గోడ దగ్గర బయలుదేరి అడాప్టర్, కేబుల్, డబ్బా, పిన్నులు దాటి మిషన్‌లోకి చేరాలి. దారిలో ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. ఎక్కడ ఆగిందో ఇంట్లోనే ఎలా కనిపెట్టాలో, కనిపెట్టాక ఏం చేయాలో, మాస్టారి డబ్బాను పక్కన పెట్టుకునే చెప్తాను. ఎందుకంటే ఆయన డబ్బాలో ఒకటి కాదు, రెండు తప్పులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి.

ముందు మీ డబ్బా ఏ రకమో చూసుకోండి

రెండు విషయాలు తెలిస్తే చాలు. ఒకటి, డబ్బాకి సొంత బ్యాటరీ ఉందా లేదా. కేబుల్ పీకేసి మిషన్లు లోపల పెట్టినా లైటు వెలిగి చార్జింగ్ ఎక్కితే, సొంత బ్యాటరీ ఉన్న రకం. కేబుల్ పీకగానే పూర్తిగా ఆరిపోతే, ఎప్పుడూ గోడకి తగిలించి ఉంచాల్సిన రకం. కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకంలో కూడా ఇది రాసి ఉంటుంది. మా షాపుకి వచ్చే ఫోన్లలో కొన్ని ఇక్కడే తేలిపోతాయి. బ్యాటరీ లేని డబ్బాని సంచిలో పెట్టుకుని తిరుపతి వెళ్లి, సత్రంలో రాత్రి కేబుల్ లేకుండా మిషన్లు అందులో పెట్టి, పొద్దున చార్జింగ్ లేదని కంగారుపడి ఫోన్ చేస్తారు.

రెండోది, మిషన్‌ని తిరగేసి అడుగున, పక్కన చూడండి. చిన్న బంగారు రంగు చుక్కలు కనిపిస్తే అది పిన్నుల ద్వారా చార్జింగ్ ఎక్కే రకం. డబ్బా గుంటలో కూడా వాటికి ఎదురుగా సన్న పిన్నులు ఉంటాయి. చుక్కలేమీ లేకుండా నున్నగా ఉంటే తాకకుండానే చార్జింగ్ ఎక్కే రకం. దానికి కింద చెప్పే పిన్నుల శుభ్రం అక్కర్లేదు, గుంటలో సరిగ్గా కూర్చుంటే చాలు.

ఇంకొక మాట. మీ మిషన్‌కి బిళ్ల బ్యాటరీ వేసే చిన్న తలుపు ఉండి, అందులో మీరే బ్యాటరీ మారుస్తుంటే, చాలావరకు అది చార్జింగ్ మిషన్ కాదు. ఆ బిళ్లల్ని ఏ చార్జర్‌లోనూ పెట్టకూడదు.

డబ్బా ఖాళీగా పెట్టి లైటు చూడండి

లైట్ల రంగులు కంపెనీని బట్టి మారతాయి. ఒకదానిలో పచ్చ అంటే నిండిందని, ఇంకోదానిలో పచ్చ మిణుకుమంటే ఎక్కుతోందని అర్థం. అందుకని రంగుల్ని బట్టీ పట్టకండి. రంగు ఏదైనా సరే, మూడు ప్రశ్నలు వేసుకుంటే కరెంటు ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది.

మిషన్లు రెండూ బయటికి తీసి, కేబుల్ తగిలించి, స్విచ్ వేయండి. డబ్బా మీద ఏదైనా లైటు వెలిగిందా? వెలగకపోతే తప్పు డబ్బాకి ఇవతలే, అంటే గోడ, అడాప్టర్, కేబుల్ వీటిలో ఉండే అవకాశం ఎక్కువ. కొన్ని డబ్బాలు మిషన్ పెట్టేదాకా లైటు వెలిగించవు కాబట్టి, వెలగలేదని తెలిశాక ఒక మిషన్ పెట్టి మళ్లీ చూడండి.

తర్వాత ఒక్క మిషన్ మాత్రం గుంటలో పెట్టండి. డబ్బా మీదో మిషన్ మీదో ఏదైనా మార్పు వచ్చిందా? కొత్త లైటు వెలగొచ్చు, ఉన్నది మిణుకుమనొచ్చు. ఏ మార్పూ లేకపోతే డబ్బా దాకా కరెంటు వచ్చింది, మిషన్‌లోకి పోవడం లేదు. ఆ మిషన్ తీసేసి రెండోది పెట్టి ఇదే చూడండి. రెండూ కలిపి పెట్టి చూస్తే ఏ పక్క తప్పో తెలియదు.

మూడో ప్రశ్నకి ఓపిక కావాలి. గంట తర్వాత లైటు ఇంకా అలాగే ఉందా, ముందుకు కదిలిందా? పూర్తిగా అయిపోయిన మిషన్ నిండడానికి మామూలుగా మూడు నాలుగు గంటలు పడుతుంది. ఆరేడు గంటలైనా నిండినట్టు చూపకపోతే అప్పుడు అనుమానించాలి. వెలుగుతున్న లైటు పెట్టిన నిమిషానికే ఎర్రగా మారితేనో, గబగబా కొట్టుకుంటేనో పుస్తకం తీయండి. అది ఊరికే వెలిగే లైటు కాకపోవచ్చు, డబ్బా ఏదో ఫిర్యాదు చెప్తుండొచ్చు.

మాస్టారి డబ్బాని షాపులో మా అడాప్టర్‌కి తగిలించగానే ముందు లైటు వెలిగింది. ఆమె తెచ్చిన కేబుల్, అడాప్టర్ తగిలిస్తే వెలగలేదు. అంటే మొదటి తప్పు దొరికినట్టే. కానీ ఆమె ఒప్పుకోలేదు. "ఈ వైరుతోనే మొన్నటిదాకా ఎక్కింది గదా! మా మనవడు ఇదే వైరుతో ఫోను కూడా పెడతాడు" అన్నారు. ఆ మాట నిజమే. అక్కడే ఉంది చిక్కంతా.

అడాప్టర్, కేబుల్: ఫోన్‌కి ఎక్కితే దీనికీ ఎక్కుతుందని లేదు

ముందు సులువైనవి దాటేద్దాం. గోడ ప్లగ్గులో ఇంకేదైనా పెట్టి కరెంటు వస్తోందో లేదో చూడండి. మన ఇళ్లలో పాత ప్లగ్గులు వదులై, అడాప్టర్ బరువుకి కిందికి వాలి, లోపల తాకీ తాకకుండా ఉంటాయి. ఎక్స్‌టెన్షన్ బాక్సు కాకుండా నేరుగా గోడకే పెట్టి చూడండి. కేబుల్‌ని రెండు చివర్ల దగ్గర మెల్లగా అటూ ఇటూ వంచుతూ లైటు చూడండి. వంచినప్పుడు వెలిగి, వదిలితే ఆరిపోతే లోపల తీగ తెగిందని అర్థం, కేబుల్ మార్చేయండి. డబ్బా వెనక కేబుల్ దూరే రంధ్రంలో టార్చి వేసి చూడండి. దుమ్ము, బట్టల నూగు గట్టిగా అట్టకట్టి ఉంటే కేబుల్ చివరిదాకా దిగదు. కేబుల్ పీకేసి, ఎండు చెక్క టూత్‌పిక్‌తో పక్కల నుంచి మెల్లగా లాగేయండి. సూది, పిన్నీసు పెట్టకండి.

అడాప్టర్ మీద సన్న అక్షరాల్లో అవుట్‌పుట్ రాసి ఉంటుంది. ఈ డబ్బాల్లో ఎక్కువ వాటికి 5 వోల్టులు, 1 ఆంపియర్ సరిపోతుంది. మీ డబ్బా అడుగున ఎంత కావాలో రాసి ఉంటుంది, రెండూ పోల్చి చూసుకోండి. ఆంపియర్లు ఎక్కువ ఉన్నా పర్లేదు, డబ్బా తనకి కావాల్సినంతే తీసుకుంటుంది. వోల్టులు మాత్రం సరిపోవాలి. గుండ్రటి పిన్ను ఉన్న పాతరకం డబ్బా అయితే దాని అడాప్టరే వాడండి. దూరుతోంది కదా అని రౌటర్‌దో సెట్‌టాప్ బాక్సుదో పెడితే 12 వోల్టులు పోయి డబ్బా కాలిపోవచ్చు.

ఇప్పుడు మాస్టారింటి సంగతి. వాళ్ల పాత కేబుల్ ఎలుక కొరికింది. ఆదివారం సెలవులకి వచ్చిన మనవడు తన దగ్గర ఉన్న కొత్త కేబుల్, కొత్త ఫోన్ అడాప్టర్ ఇచ్చాడు. పాత కేబుల్‌కి ఒక చివర వెడల్పాటి యూఎస్‌బీ, రెండో చివర చిన్న కోలాటి సి రకం మూతి. కొత్తదానికి రెండు చివర్లా సి మూతే.

వెడల్పాటి రంధ్రం ఉన్న అడాప్టర్ అమాయకమైంది. స్విచ్ వేయగానే 5 వోల్టులు బయటికి వదులుతుంది, అవతల ఎవరున్నారని అడగదు. సి రంధ్రం ఉన్న అడాప్టర్ అలా కాదు. అవతల తగిలించిన వస్తువులో ఒక చిన్న గుర్తు, అంటే ఒక రెసిస్టర్, కనిపించేదాకా అసలు కరెంటే వదలదు. ఫోన్లలో ఆ గుర్తు ఉంటుంది. కొన్ని చెవి మిషన్ల డబ్బాలకి, ఇంకా చాలా చిన్న చిన్న వస్తువులకి, సి మూతి పెట్టారు గానీ ఆ గుర్తు పెట్టలేదు. కాబట్టి అదే అడాప్టర్, అదే కేబుల్ ఫోన్‌ని జోరుగా చార్జ్ చేస్తాయి, డబ్బాని పట్టించుకోవు. దేనిలోనూ చెడిపోయింది లేదు. వాటికి పొత్తు కుదరలేదంతే.

సరే, మరి ఆదివారం మార్చిన కేబుల్‌తో బుధవారం దాకా ఎలా పనిచేశాయి? వాళ్ల డబ్బా సొంత బ్యాటరీ ఉన్న రకం. శనివారం పాత కేబుల్‌తో నిండిన డబ్బా, ఆది, సోమ, మంగళ రాత్రులు తన బ్యాటరీలో ఉన్నదే తీసి మిషన్లకి పోసింది. గోడ నుంచి ఒక్క చుక్క రాలేదు. బుధవారం రాత్రికి దానిలో ఏమీ మిగల్లేదు. గురువారం పొద్దున రెండు మిషన్లూ మూగబోయాయి. కేబుల్ మార్చిన రోజుకీ చెడిన రోజుకీ మధ్య నాలుగు రోజులు ఉండేసరికి ఎవరికీ అనుమానం రాలేదు. మీ డబ్బాకి సొంత బ్యాటరీ ఉంటే, "నిన్నటిదాకా బాగుంది" అన్న మాటని నమ్మకండి. పోయిన వారం రోజుల్లో ఏం మారిందో గుర్తు చేసుకోండి.

దీనికి మందు చౌక. ఒక చివర వెడల్పాటి యూఎస్‌బీ, రెండో చివర మీ డబ్బాకి సరిపోయే మూతి ఉన్న కేబుల్, వెడల్పాటి రంధ్రం ఉన్న మామూలు అడాప్టర్. డబ్బాతో వచ్చిన కేబుల్ ఇంకా ఉంటే దానికి చెవి మిషన్ అని చీటీ అంటించి, ఇంట్లో పిల్లల చేతికి అందకుండా పెట్టుకోండి.

పవర్‌బ్యాంకుతోనూ ఇలాంటి పేచీ ఉంది. మీ ఫోన్ బ్యాటరీ ముందు చెవి మిషన్ బ్యాటరీ సముద్రం ముందు చెంబు లాంటిది. ఫోన్‌లో 5000 మిల్లీఆంపియర్ అవర్లు ఉంటే దీనిలో కొన్ని పదులు మాత్రమే. అంత తక్కువ కరెంటు లాగుతుంటే, తగిలించిన వస్తువు నిండిపోయిందనుకుని కొన్ని పవర్‌బ్యాంకులు వాటంతటవే ఆగిపోతాయి. పవర్‌బ్యాంకుకి పెట్టి పడుకునేముందు అరగంట ఆగి లైటు వెలుగుతూనే ఉందేమో చూడండి.

రాత్రి కరెంటు పోతే

బ్యాటరీ లేని డబ్బాలు వాడేవాళ్లు ఇది తప్పక తెలుసుకోవాలి. కొన్ని మోడళ్లలో మిషన్‌కి, గుంటలో కరెంటు తగులుతున్నంతసేపు తాను డబ్బాలో ఉన్నట్టు తెలుస్తుంది. రాత్రి రెండింటికి కరెంటు పోతే, తనని బయటికి తీశారనుకుని ఆన్ అయిపోతుంది. చీకట్లో, డబ్బా లోపల, ఎవరికీ పనికిరాకుండా పనిచేస్తూ చార్జ్ ఖర్చు పెట్టుకుంటుంది. కరెంటు తిరిగి వస్తే మళ్లీ ఎక్కుతుంది, రాకపోతే పొద్దునకి సగమో ఖాళీయో. స్విచ్‌బోర్డు దగ్గర ఎవరో పొరపాటున స్విచ్ ఆపేసినా ఇంతే జరుగుతుంది.

మీ మిషన్ అలా చేస్తుందో లేదో పగలే పరీక్షించుకోవచ్చు. మిషన్లు డబ్బాలో పెట్టి, లైటు వెలిగాక, స్విచ్ ఆపండి. ఒక నిమిషం ఆగి మూత తీసి, మిషన్ మీద అరచెయ్యి బోర్లించండి. సన్నగా కూత వినపడితే ఆన్ అయినట్టే. ఆ ఈల అందరికీ తెలిసిందే. మిషన్ ఆన్‌లో ఉండి చెవిలో లేనప్పుడు, దాని శబ్దం దానికే తిరిగి వచ్చి ఈల వేస్తుంది. పెద్దవాళ్లకి ఆ సన్న శబ్దం వినపడదు కాబట్టి ఇంట్లో కుర్రవాళ్లు ఎవరైనా వినాలి.

అలా ఆన్ అయ్యే రకం అయితే, డబ్బాని ఇన్వర్టర్ లైన్ మీద ఉన్న ప్లగ్గుకి పెట్టండి. ఇన్వర్టర్ లేకపోతే రాత్రంతా ఉంచడం మానేసి, సాయంత్రం నుంచే పెట్టండి. మూడు నాలుగు గంటలు ఎక్కాక, మిషన్లు తీసి బటన్‌తో ఆపేసి, తర్వాతే డబ్బా స్విచ్ ఆపండి. ఈ వరస ముఖ్యం. ఆపకుండా ముందు కేబుల్ పీకితే మళ్లీ ఆన్ అవుతాయి.

గుంటలో కూర్చుందా?

మాస్టారి డబ్బాకి కేబుల్ మార్చాక ఎడమ మిషన్ లైటు మిణుకుమనడం మొదలుపెట్టింది. కుడిదానికి ఏమీ లేదు. పైగా తాకీ తాకక కాస్త చార్జ్ ఎక్కిందేమో, మూత మూస్తుంటే లోపల నుంచి సన్న ఈల. ఆ ఈల వినగానే సగం పని అయిపోయినట్టే. సరిగ్గా కూర్చున్న మిషన్ డబ్బాలో దానంతట అదే ఆఫ్ అవ్వాలి. లోపల ఈల వేస్తోందంటే, దానికి ఇంకా డబ్బాలో ఉన్నట్టే తెలియలేదు, పిన్నుల దగ్గర తాకడం లేదు.

తాకకపోవడానికి మొదటి కారణం, కూర్చోకపోవడం. కుడి మిషన్ మీద ఎర్ర గుర్తు, ఎడమదాని మీద నీలం గుర్తు ఉంటాయి. డబ్బా గుంటల పక్కన కూడా ఆ రంగులు ఉంటే వాటికి సరిపోయేలా పెట్టండి. చెవిలోకి పోయే రబ్బరు బుడిపె, సన్న వైరు వాటికి కేటాయించిన సందులో దిగాయో లేదో చూడండి. వైరు మెలితిరిగి మూత కింద పడితే, మూత మూసేటప్పుడు మిషన్‌ని పైకి ఎగదోస్తుంది. మీ చెవి అచ్చు తీసి చేయించిన గట్టి మోల్డు ఉంటే, అది పెద్దదై గుంటలో పట్టకపోవచ్చు. మూత తెరిచి ఉంచి చార్జ్ ఎక్కి, మూస్తే ఆగిపోతే తప్పు ఇదే. దానికి షాపులో వేరే గుంట అమరికో వేరే డబ్బానో అడగాలి. రబ్బరు బ్యాండు వేసి నొక్కి పెట్టకండి. అలా చేసి వైరు విరగ్గొట్టుకున్నవాళ్లని చూశాను.

మాస్టారి కుడి మిషన్ బాగానే కూర్చుంది. వేలితో మెత్తగా నొక్కితే లైటు ఒక్క క్షణం వెలిగి ఆరింది. అంటే రెండో కారణం, మురికి.

పిన్నులు, చుక్కలు తుడవడం

చెవి వెనక ఉండే మిషన్‌కి ఏమేం తగులుతాయో ఆలోచించండి. మన వేసవిలో చెమట, తలకి రాసిన కొబ్బరినూనె, మెడకి పూసిన పౌడరు. ఈ మూడూ కలిసి బంగారు చుక్కల మీద సన్న పొరలా పడతాయి, కంటికి సరిగ్గా కనపడవు కూడా. అదే పొర మిషన్ నుంచి గుంటలోని పిన్నుల మీదికి అంటుకుంటుంది. మాస్టారు ఫోన్ ఎప్పుడూ కుడి చెవి దగ్గరే పెట్టుకుని గంటలకొద్దీ మాట్లాడతారట, చెమట అంతా ఆ పక్కే. ఆమెని అడిగితే ఇంకో సంగతి చెప్పారు. "కుడి పక్కది నెల నుంచి మధ్యాహ్నానికే ఆగిపోతా ఉంది. ముసలిదైందేమో అనుకున్నాం." ముసలిది కాలేదు. రాత్రంతా తాకీ తాకక సగమే ఎక్కేది.

సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లకి, మైపాడు, ఇస్కపల్లి, కొత్తపట్నం వైపు వాళ్లకి ఇంకో బెడద ఉప్పుగాలి. పిన్నుల దగ్గర పచ్చటి పొడి కనిపిస్తే అది మామూలు మురికి కాదు, లోహం తినేయడం మొదలైంది. తుడిస్తే కొన్నాళ్లు పనిచేస్తుంది గానీ, షాపులో చూపించాల్సిందే.

శుభ్రం ఇలా చేయండి. డబ్బా కేబుల్ పీకేయండి. కళ్లజోడు తుడిచే మెత్తటి బట్ట, ఎప్పుడూ వాడని మెత్తటి టూత్‌బ్రష్, ఒక టార్చి దగ్గర పెట్టుకోండి. చిన్నపిల్లల బ్రష్ అయితే ఇంకా మంచిది. ముందు మిషన్ చుక్కల్ని పొడి బట్టతో ఒకే వైపుకి ఐదారుసార్లు తుడవండి. ప్రతిసారీ బట్టలో శుభ్రమైన చోటు వాడండి, లేకపోతే తీసిన నూనెనే మళ్లీ పూస్తారు. తర్వాత డబ్బాని బోర్లా పట్టుకుని గుంటలో పొడి బ్రష్ మెల్లగా ఆడించండి. బోర్లా పట్టుకుంటే రాలిన దుమ్ము కిందికి పడిపోతుంది. దూది పుల్లలు వాడొచ్చు గానీ, దూది పోగు పిన్ను చుట్టుకుందేమో టార్చి వేసి చూసుకోండి. మురికి తీయబోయి పోగు పెట్టినవాళ్లు తక్కువేం కాదు.

గుంటలోని పిన్నుల్లో చాలావాటికి లోపల సన్న స్ప్రింగు ఉంటుంది. అగ్గిపుల్ల మందు లేని చివరతో ఒక్కో పిన్నుని తాకీ తాకనట్టు నొక్కండి. లోపలికి దిగి, వదలగానే పైకి రావాలి. పక్క పిన్నులన్నీ ఒకే ఎత్తులో ఉండి ఒకటి మాత్రం లోపలికి దిగిపోయి ఉంటే, అది ఇరుక్కుపోయింది. సూదితో పైకి లాగే ప్రయత్నం చేయకండి, అది షాపు పని.

తడి ఏదీ గుంటలోకి పోనివ్వకండి. నీళ్లు, సబ్బు, నిమ్మరసం, వెనిగర్ వద్దు. శానిటైజర్ అసలే వద్దు, దానిలో ఉండే జిగురు పదార్థం ఆరాక పొరలా మిగులుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గురించి అడుగుతుంటారు. కొన్ని కంపెనీలు ఒప్పుకుంటాయి, కొన్ని వద్దంటాయి. మీ పుస్తకం ఒప్పుకుంటేనే, బట్ట మీద ఒక చుక్క వేసి ఆ బట్టతో తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి. గరుకు కాగితం, బ్లేడు, గోరు ఏదీ చుక్కల మీద పెట్టకండి. పైన బంగారు పూత చాలా పలచన. గీకితే ఆ రోజు మెరిసిపోతుంది, పూత పోయాక కింది లోహం త్వరగా నల్లబడుతుంది. ఆ తర్వాత తుడిచినా లాభం ఉండదు.

మాస్టారి కుడి గుంటని ఇలాగే పొడి బ్రష్‌తో రెండు నిమిషాలు తుడిచాను. తెల్లటి పౌడరు ముద్దలా రాలింది. మిషన్ పెట్టగానే ఈల ఆగింది, లైటు మిణుకుమంది.

ఇక నుంచి మిషన్ చెవి నుంచి తీయగానే నేరుగా డబ్బాలో పెట్టొద్దని ఆమెకి చెప్పాను. పొడి బట్టతో తుడిచి, పది పదిహేను నిమిషాలు గాలికి ఉంచి అప్పుడు పెట్టాలి. చెమటతో పెట్టి మూత మూస్తే ఆ తేమ అంతా లోపలే ఉడుకుతుంది.

ఎండ సంగతి

లిథియం బ్యాటరీలకి వేడి పడదు. చాలా కంపెనీలు చార్జింగ్‌కి సుమారు 40 డిగ్రీల దాకానే హద్దు పెడతాయి. అది దాటితే డబ్బా తనే చార్జింగ్ ఆపేసి లైటు వేరేలా కొడుతుంది. రోహిణి కార్తెలో మన వైపు నీడలోనే 43, 44 డిగ్రీలు చూస్తాం. రేకుల గది, కిటికీ గట్టు, ఫ్రిజ్ పైభాగం, టీవీ వెనక, ఎండలో ఆపిన కారు ఇవన్నీ అంతకంటే వేడి. డబ్బా చేతికి వెచ్చగా తగులుతుంటే మిషన్లు తీసి, కేబుల్ పీకి, చల్లటి గదిలో గచ్చు మీద అరగంట ఉంచి మళ్లీ పెట్టండి. ఫ్రిజ్ లోపల మాత్రం పెట్టకండి, బయటికి తీయగానే నీళ్లు పడతాయి.

ఇంకా ఎక్కకపోతే

రెండు గుంటలూ ఒకేలా ఉండి, మిషన్ బలవంతం లేకుండా రెండో గుంటలో కూర్చునేట్టయితే, మార్చి పెట్టి చూడండి. ఎక్కని మిషన్ ఏ గుంటలో పెట్టినా ఎక్కకపోతే తప్పు మిషన్‌లో ఉంది. ఆ గుంటలో ఏ మిషన్ పెట్టినా ఎక్కకపోతే తప్పు డబ్బాలో ఉంది. దూరకపోతే ఈ పరీక్ష వదిలేయండి.

నెలల తరబడి బీరువాలో పడేసిన మిషన్ అయితే వెంటనే లైటు రాకపోవచ్చు. బ్యాటరీ మరీ అడుగంటితే, చార్జర్ ముందు కొద్దికొద్దిగా పోసి లేపడానికి చూస్తుంది. రెండు మూడు గంటలు కదపకుండా ఉంచండి. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే ఆ బ్యాటరీ లేవకపోవచ్చు.

ఇంకొక తేడా గమనించండి. డబ్బా నిండిందని చూపిస్తోంది, లైట్లన్నీ బాగున్నాయి, కానీ పొద్దున పెట్టుకున్న మిషన్ మధ్యాహ్నానికే ఆగిపోతోంది. పిన్నులు శుభ్రం చేసినా అంతే. మిషన్‌కి నాలుగైదేళ్లు దాటి ఉంటే అప్పుడు బ్యాటరీ ముసలిదైందని అనుకోవచ్చు. చాలా మోడళ్లలో అది లోపల మూసేసి ఉంటుంది, ఇంట్లో మార్చేది కాదు. సెల్‌ఫోన్ రిపేరు షాపులో విప్పించారంటే ఉన్న వారంటీ పోతుంది.

మిషన్ ఉబ్బినట్టు కనిపించినా, సందు విడిచినా, కాలిన వాసన వచ్చినా, ముట్టుకుంటే సురుక్కుమన్నా ఇంక పరీక్షలు చేయకండి. స్విచ్ ఆపి, కేబుల్ పీకి, మిషన్‌ని చెవికి పెట్టకుండా విడిగా, కాలే వస్తువులకి దూరంగా ఉంచి, షాపుకి ఫోన్ చేయండి. నీళ్లలో పడిన మిషన్‌ని కూడా ఆరేదాకా చార్జింగ్‌కి పెట్టకూడదు.

షాపుకి వచ్చేటప్పుడు చాలామంది మిషన్లు రెండూ జేబులో వేసుకుని వస్తారు, డబ్బా ఇంట్లో ఉంటుంది. డబ్బా తెచ్చినవాళ్లు కేబుల్ వదిలేస్తారు. అప్పుడు నేను మా కేబుల్‌తో పెడితే చక్కగా ఎక్కుతుంది, ఇంటికి వెళ్లాక మళ్లీ అదే పాట. మిషన్లు, డబ్బా, మీరు రోజూ వాడే కేబుల్, అదే అడాప్టర్ నాలుగూ ఒకే సంచిలో వేసుకురండి. లైటు తేడాగా కొడుతుంటే ఇంట్లోనే ఫోన్‌లో పది సెకన్ల వీడియో తీసుకురండి, షాపుకి వచ్చేసరికి అది మామూలుగా వెలిగి మిమ్మల్ని అబద్ధాలకోరుని చేస్తుంది. వారంటీ కాగితం కూడా వెయ్యండి.

మాస్టారి భార్య ఆ మధ్యాహ్నం ట్రంకు రోడ్డులో కొత్త కేబుల్ కొనుక్కుని మళ్లీ మా షాపుకే వచ్చారు. సరైనదో కాదో నా కళ్లముందే తగిలించి, లైటు వెలిగాకే బస్సెక్కారు.